వైబ్రేషన్ రిపోర్ట్ తెలుగులో రాశాను, "కంపన పరిమితి" అన్న మాట కొంప ముంచింది

నాగావళి_ఒడ్డు
రాయగడలో ఉంటాను, పొద్దున ట్యూషన్లు, మిగతా టైమ్‌లో ఒడియా ఇంగ్లీషు కాగితాలు తెలుగులో రాసిపెడతాను. మా వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వాళ్ళు ఊక బాయిలర్ నుంచి పొగ లాగే ఐడీ ఫ్యాన్ వైబ్రేషన్ రిపోర్ట్ ఇచ్చి షిఫ్ట్ వాళ్ళకి అర్థమయ్యేలా తెలుగులో రాసిమ్మన్నారు, వాళ్ళంతా పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఒడియా చదవలేరు. నా దగ్గర ఇంటర్ తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకం ఇంకా ఉంది. యాంప్లిట్యూడ్ అంటే కంపన పరిమితి, రెజొనెన్స్ అంటే అనునాదం. ఇంబ్యాలెన్స్‌కి అసమతుల్యత అనుకున్నాను. అలాగే దింపేశాను:

"1230 ఆర్‌పీఎం వద్ద ఫ్యాన్ డ్రైవ్ ఎండ్ బేరింగ్‌లో అడ్డ దిశలో కంపన పరిమితి 11.6 మి.మీ/సె. కారణం అసమతుల్యత. అనునాదం ఉందని అనుమానం."

నైట్ షిఫ్ట్ ఆపరేటర్ ఇది చదివి 11.6 దాకా నడపొచ్చు అనుకున్నాడు. మీటర్ 10 చూపిస్తుంటే "ఇంకా పరిమితి లోపలే ఉంది" అని రెండు షిఫ్టులు అలాగే నడిపేశారు!! ఇంకొకతను అనునాదం అంటే చప్పుడు అనుకుని బేరింగ్‌కి గ్రీజు పట్టించాడు. ఫిట్టరేమో అసమతుల్యత అంటే ఫ్యాన్ ఒక పక్కకి ఒరిగిందనుకుని స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకుని "లెవెల్ బాగానే ఉందండీ" అని సంతకం పెట్టాడు. ముగ్గురూ నా కాగితమే చదివారు. సూపర్‌వైజర్ నిన్న ఫోన్‌లో ఏమన్నాడో ఇక్కడ రాయను. ఏ మాటలు వాడాలో చెప్పండి, రేపటికల్లా మళ్ళీ రాసివ్వాలి.

గుణుపురం_గోపి
గ్రీజు కొట్టినాయన మాత్రం సూపరు 😂 చప్పుడొస్తే గ్రీజు, రాకపోతే ఇంకాస్త గ్రీజు

పర్లాకిమిడి_పంతులు
పుస్తకంలో తప్పేమీ లేదమ్మా. మధ్య నుంచి ఒక పక్కకి ఎంత దూరం వరకు ఊగుతుందో ఆ కొస కాబట్టి పరిమితి అన్నారు. 30 ఏళ్ళు ఇదే మాటతో పాఠం చెప్పాను, ఏ పిల్లాడూ తికమక పడలేదు. చదివేవాళ్ళకి అలవాటు లేదంతే.

గుణుపురం_గోపి
మాస్టారూ పిల్లల ముందు బల్ల మీద లోలకం ఉంటాది, ఈయన ముందు తిరుగుతున్న ఫ్యాన్ ఉంది, పైగా ఆ రిపోర్ట్‌లోనే అలార్మ్ లిమిట్ ట్రిప్ లిమిట్ అని ఇంకో రెండు పరిమితులు ఉంటాయి కదా, ఏ పరిమితి ఏదో ఎలా తెలుస్తాది

నాగావళి_ఒడ్డు
అదే జరిగింది గోపీ. కింద పట్టికలో అలార్మ్ పరిమితి 4.5, ట్రిప్ పరిమితి 7.1 అని కూడా నేనే రాశాను. పైన కంపన పరిమితి 11.6. మూడిట్లో పెద్దది పట్టుకున్నాడు.

బాయిలర్_బాబ్జీ
ట్రిప్ 7.1 అయితే 10 దగ్గర ఫ్యాన్ ఎందుకు ఆగలేదు, ముందు అది అడగండి

నాగావళి_ఒడ్డు
ట్రిప్‌కి వైర్ కలపలేదట. చేతి మీటర్‌తో చూసి రాసుకోవడమే. ట్రిప్ అన్నది కాగితం మీదే ఉంది.

బాయిలర్_బాబ్జీ
మన జిల్లా మొత్తం అంతే

మీటర్_మావయ్య
బరంపురం నుంచి. వైబ్రేషన్ మీటర్ పట్టుకుని పాతికేళ్ళు తిరిగాను, రిటైరయ్యాను. అమ్మాయ్, మాటల సంగతి తర్వాత, ముందు ఆ రిపోర్ట్ ఏం చెప్తోందో నీకు తెలిస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. మూడు ప్రశ్నలు. 1230 కాకుండా వేరే స్పీడ్‌లో రీడింగ్ ఉందా? నిలువు దిశలో ఎంత ఉంది? ఫ్యాన్‌కి స్పీడ్ మార్చే డ్రైవ్ ఉందా, ఉంటే ఎప్పుడు పెట్టారు?

నాగావళి_ఒడ్డు
ఉంది మావయ్యా. 1480 దగ్గర అడ్డంగా 4.1. 1230 దగ్గర అడ్డంగా 11.6, నిలువుగా 2.9. మోటార్ 37 కిలోవాట్, ఫోర్ పోల్. కరెంట్ ఆదా అవుతుందని పోయినేడు వీఎఫ్‌డీ పెట్టారు, అంతకుముందు ఎప్పుడూ ఫుల్ స్పీడే, గాలి డ్యాంపర్‌తో తగ్గించుకునేవాళ్ళు. ఇంకో డౌట్, రిపోర్ట్‌లో సమస్య 20.5 హెర్ట్జ్ దగ్గర అని ఉంది, డ్రైవ్ ప్యానెల్ మీద అదే టైమ్‌లో 41.5 హెర్ట్జ్ చూపిస్తోందట. ఏది అచ్చు తప్పు?

వైండింగ్_వాసు
41.5లో సగం 20.7, అంటే ఇది టూ ఎక్స్, డబుల్ ఫ్రీక్వెన్సీ వస్తే మిస్అలైన్‌మెంట్ అని ఎక్కడైనా చెప్తారు. కప్లింగ్ చూడండి. పైగా డ్రైవ్ పెట్టాకే మొదలైందంటున్నారు, డ్రైవ్ కరెంట్ శుభ్రంగా ఉండదు, మోటార్ వణుకుతుంది. మా దగ్గర అలాంటి మోటార్లు ఎన్ని వైండింగ్‌కి వచ్చాయో.

మీటర్_మావయ్య
వాసూ, డ్రైవ్ పెట్టాకే మొదలైందన్న మాట బంగారం, దాన్నుంచి నువ్వు తేల్చింది మాత్రం తప్పు.

ముందు ఆ రెండు హెర్ట్జులు. ప్యానెల్ మీద కనబడేది మోటార్‌కి వెళ్ళే కరెంట్ హెర్ట్జ్. ఫోర్ పోల్ మోటార్‌లో షాఫ్ట్ దానికి సగమే తిరుగుతుంది, అందులోనూ స్లిప్ కొంచెం పోతుంది. 41.5 ఇస్తే లెక్క ప్రకారం 1245 తిరగాలి, స్లిప్ పోగా 1230. 1230ని 60తో భాగించు, సెకనుకి 20.5 తిరుగుళ్ళు. రెండూ నిజమే, ఒకటి కరెంట్‌ది, ఒకటి షాఫ్ట్‌ది. షాఫ్ట్ ఒక్కసారి తిరిగితే ఒక్కసారి ఊగుతోంది కాబట్టి ఇది వన్ ఎక్స్. టూ ఎక్స్ అవ్వాలంటే రిపోర్ట్‌లో 41 హెర్ట్జ్ దగ్గర ముల్లు లేవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్యాన్ రెక్కల మీద బూడిద ఒక పక్క ఎక్కువ పట్టిందనుకో, ఆ బరువు తిరుగుతూ బేరింగ్‌ని బయటికి లాగుతుంది. ఆ లాగుడు స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. 1480లో ఉన్న లాగుడు 100 అనుకుంటే 1230లో 69 మాత్రమే. అంటే స్పీడ్ తగ్గిస్తే వైబ్రేషన్ తగ్గాలి. ఇక్కడ 4.1 ఉన్నది 11.6 అయింది, దాదాపు మూడింతలు. లాగే బలం తగ్గింది, ఊగడం పెరిగింది. ఇంబ్యాలెన్స్ ఒక్కటే ఉంటే ఇలా జరగదు. ఆ బేరింగ్ కింద స్టాండ్‌కి తనకంటూ ఒక ఊపు ఉంది, అది సెకనుకి 20 చిల్లర దగ్గర ఉండి ఉంటుంది, ఫ్యాన్ సరిగ్గా అదే లయలో తోస్తోంది. ఇన్నాళ్ళూ ఫుల్ స్పీడ్‌లో దాన్ని దాటేసి నడిచారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. డ్రైవ్ పెట్టి స్పీడ్ తగ్గించి సరిగ్గా దాని మీదకి తెచ్చి నిలబెట్టారు.

వైండింగ్_వాసు
సరే ఫోర్ పోల్ సంగతి మర్చిపోయాను. కానీ డ్రైవ్ వల్లే అన్నది కరెక్టే కదా

మీటర్_మావయ్య
సగం మార్కులు ఇచ్చాను పట్టుకో

జైపూర్_రాణి
నాకిప్పుడు అర్థమైంది, చిన్నప్పుడు మా తాత కావడి మోసేవాడు, బద్ద ఊగే ఊపుకి అడుగు కలిసిందంటే బిందెల్లో నీళ్ళు బయటికి చిమ్మేసేవి. ఆయన వెంటనే అడుగు మార్చేవాడు, కొంచెం వేగంగానో నిదానంగానో. నీళ్ళు తక్కువ పోసుకునేవాడు కాదు. ఇదే కదా?

మీటర్_మావయ్య
ఇదే తల్లీ. బద్ద ఊపు స్టాండ్ ఊపు, అడుగు ఫ్యాన్ స్పీడ్. ఇందులో ఇంబ్యాలెన్స్ ఏదంటే, ఒక్కో అడుగుకీ భుజం ఎంత గట్టిగా కుదుపుతుందో అది. మెత్తగా అడుగేసేవాడికీ లయ కలిస్తే చిమ్ముతుంది, కాకపోతే తక్కువ. కుదుపే లేకపోతే ఎంత లయ కలిసినా చిమ్మదు.

నాగావళి_ఒడ్డు
అంటే రెండూ వేరు వేరు జబ్బులు కాదన్నమాట! నేను "కారణం అసమతుల్యత" అని ఒక వాక్యం, "అనునాదం అనుమానం" అని ఇంకో వాక్యం పెట్టేసరికి రెండు విడి కంప్లయింట్లలా తయారైంది. తోసేది ఒకటి, ఆ తోపుని పెద్దది చేసేది ఇంకొకటి.

సిరోంచ_సైదులు
నాది గడ్చిరోలి జిల్లా అన్నా, గోదావరి ఒడ్డుకే మిల్లు. మా దగ్గర వడ్లు జల్లించే జల్లెడ ఉంది, మోటార్‌కి రెండు దిక్కులా అర్ధచంద్రం లెక్క బరువులు పెట్టిన్రు, ఫుల్ ఊగుతది. గిది చదివినంక భయమైతుంది, గా బరువులు తీసి బ్యాలెన్స్ చేపియ్యాల్నా?

గుణుపురం_గోపి
సైదులన్నా ఆగు ఆగు పానా కింద పెట్టు 😂

మీటర్_మావయ్య
తియ్యకు సైదులూ! దాని పనే ఊగడం. కావాలనే ఇంబ్యాలెన్స్ పెట్టి అమ్ముతారు. ఆ బరువులు తీస్తే మోటార్ హాయిగా తిరుగుతుంది, వడ్లు మాత్రం కదలవు. రెండు పక్కలా బరువులు ఒకే కోణంలో ఉన్నాయో లేదో, స్ప్రింగులు విరగలేదో చూసుకో, చాలు.

సిరోంచ_సైదులు
బతికిచ్చినవ్ అన్నా

పర్లాకిమిడి_పంతులు
మీటర్ గారూ ఒక అభ్యంతరం. 11.6 మి.మీ/సె అంటున్నారు. సెకనుకి మిల్లీమీటర్లు అంటే వేగం. కంపన పరిమితి దూరం, మిల్లీమీటర్లలోనో మైక్రాన్లలోనో ఉండాలి. వేగాన్ని పట్టుకుని యాంప్లిట్యూడ్ అని ఆ రిపోర్ట్ రాసినవాళ్ళే తప్పు రాశారు, అనువాదకురాలి తప్పు కాదు.

మీటర్_మావయ్య
మాస్టారూ మీరు పట్టుకున్నది మంచి పాయింటే, కానీ మా పనిలో యాంప్లిట్యూడ్ అంటే దూరమే అని లేదు. దూరానికీ, వేగానికీ, త్వరణానికీ మూడింటికీ ఆ మాటే వాడతాం, యూనిట్ చూసి ఏదో తెలుసుకుంటాం. పైగా ఇది ఆర్ఎంఎస్, అంటే ఒకరకం సగటు, మీరు చెప్పే కొస విలువ కాదు. కొస కావాలంటే 1.414తో గుణించండి, 16.4 వస్తుంది. దాన్ని దూరంలోకి మార్చాలంటే 20.5 హెర్ట్జ్‌ని 6.28తో గుణిస్తే 129, 16.4ని 129తో భాగిస్తే 0.127 మిల్లీమీటర్లు. అది ఒక పక్కకి. రెండు పక్కలూ కలిపితే పావు మిల్లీమీటరు. బేరింగ్ హౌసింగ్ అటూ ఇటూ పావు మిల్లీమీటరు ఊగుతోందని ఫిట్టర్‌కి చెప్పండి, కళ్ళు పెద్దవి చేస్తాడు. 11.6 అని చెప్పండి, తల ఊపుతాడు. ఈ లెక్క ఒక్క ఫ్రీక్వెన్సీయే ఎక్కువగా ఉన్నప్పుడే పనికొస్తుంది, ఇక్కడ అలాగే ఉంది కాబట్టి వేశాను.

పర్లాకిమిడి_పంతులు
అయితే ఒకే మాట మూడింటికి వాడే అలవాటు మీది, నింద నా పుస్తకానికి. బాగుంది.

నాగావళి_ఒడ్డు
సరే మరి తెలుగులో ఏం రాయను? తీవ్రత అనొచ్చా?

జైపూర్_రాణి
తీవ్రత అంటే భూకంపం గుర్తొస్తుంది, వాళ్ళు మిల్లు వదిలేసి పారిపోతారు

బాయిలర్_బాబ్జీ
వైబ్రేషన్ రీడింగ్ అని రాయండి, అంతే. మా దగ్గర అందరూ "ఈరోజు రీడింగ్ ఎంత" అనే అడుగుతారు. కంపనం అని ఎవడూ అనడు

పర్లాకిమిడి_పంతులు
రీడింగ్ అంటే మీటర్ చూపించే ఏ అంకె అయినా కావచ్చు. ఉష్ణోగ్రతా రీడింగే.

గుణుపురం_గోపి
వైబ్రేషన్ రీడింగ్ అని ముందు వైబ్రేషన్ ఉంది కద మాస్టారూ. దూరం చెప్పేటప్పుడు మాత్రం "ఇంత మేర ఊగుతోంది" అంటే సరిపోదా

మీటర్_మావయ్య
గోపీ చెప్పింది నాకు నచ్చింది. పరిమితి అన్న మాట ఒక్క లిమిట్‌కే వదిలెయ్యి అమ్మాయ్, ఇంక వేరే దేనికీ వాడకు.

కొరాపుట్_కిట్టు
మా క్రషర్ దగ్గర కూడా ఒక ఫ్యాన్ ఇలాగే పీడించింది. బ్యాలెన్సింగ్ అతన్ని పిలిస్తే మొదటిసారి ఒక రెక్క మీద బరువు వెల్డ్ చేశాడు, తగ్గలేదు, రెండోసారి మీటరు ఇంకో చోట చూపించింది అక్కడ పెట్టాడు, మూడోసారి మొదటిదానికి ఎదురుగా. ఆఖరికి రెక్కలన్నిటికీ తలో ముక్క. డబ్బులు తీసుకుని మీ ఫ్యాన్‌కి దిష్టి తగిలింది అన్నాడు. ఇది కూడా రెజొనెన్స్ అయి ఉంటుందా?

మీటర్_మావయ్య
ఖాయంగా చెప్పలేను కానీ నాకు అదే వాసన వస్తోంది. బ్యాలెన్స్ చేసేవాడికి రెండు అంకెలు కావాలి, ఎంత ఊగుతోంది, తిరుగుడులో ఏ కోణం దగ్గర ఎక్కువ ఊగుతోంది. ఈ కోణాన్ని ఫేజ్ అంటాం. బరువు ఎక్కడ పెట్టాలో దాన్నుంచే లెక్క. రెజొనెన్స్ మీద నిలబడి ఉంటే స్పీడ్ ఓ పది ఆర్‌పీఎం అటూ ఇటూ అయినా ఆ కోణం బోలెడంత తిరిగిపోతుంది. మొదటి రీడింగ్ 1230లో, రెండోది 1238లో తీశాడనుకో, బరువు పెట్టినందుకు మారిన కోణమేదో స్పీడ్ మారినందుకు మారినదేదో అతనికి తెలియదు. అందుకే నాగావళి అమ్మాయి మిల్లులో కూడా బ్యాలెన్స్ 1230లో చెయ్యొద్దని రాయి. 1480లో చేయించండి, ఆ స్పీడ్ దూరంగా ఉంది కాబట్టి కోణం నిలకడగా ఉంటుంది. దానికంటే ముందు రెక్కలు గీకి కడగండి, సగం రోగం బూడిదే అయ్యుంటుంది.

కొరాపుట్_కిట్టు
మా ఫ్యాన్ కూడా వీఎఫ్‌డీయే 🙏 దిష్టి గుమ్మడికాయ డబ్బులు దండగ

నాగావళి_ఒడ్డు
రిపోర్ట్‌లో "అనుమానం" అనే ఉంది కదా. నిజంగా రెజొనెన్స్ అవునో కాదో మిల్లు వాళ్ళు ఎలా తేల్చుకోవాలి? ఎనలైజర్ ఉన్న మనిషి మళ్ళీ రావడానికి వారం పడుతుందట.

మీటర్_మావయ్య
మామూలు మీటర్‌తో చిన్న పని. ఫ్యాన్‌ని 1480లో నడిపి, డ్రైవ్‌ని బ్రేక్ వేయకుండా ఊరికే వదిలేసేలా పెట్టి స్టాప్ నొక్కండి. ఫ్యాన్ దానంతట అది నెమ్మదిస్తూ వస్తుంది. మీటర్ బేరింగ్ మీద అడ్డంగా పెట్టి ఉంచి, మీటర్‌నీ స్పీడ్‌నీ కలిపి ఫోన్‌లో వీడియో తియ్యండి. స్పీడ్ చూడ్డానికి టాకో ఉండాలి, డ్రైవ్ ప్యానెల్ అప్పటికి సున్నా చూపించొచ్చు. ఇంబ్యాలెన్స్ ఒక్కటే అయితే స్పీడ్‌తో పాటు రీడింగ్ దిగుతూనే వస్తుంది. రెజొనెన్స్ ఉంటే 1230 దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి పైకి లేచి, అది దాటగానే పడిపోతుంది. కాకపోతే మీటర్ సగటు తీసి చూపిస్తుంది, ఫ్యాన్ త్వరగా ఆగేదైతే ఆ కొండ ఉన్నదానికంటే చిన్నగా కనబడుతుంది. ఎనలైజర్ అతను వచ్చాక ఫ్యాన్ ఆపి రబ్బరు సుత్తితో బేరింగ్ పక్కన కొట్టి చూస్తాడు, స్టాండ్ సొంత ఊపు నేరుగా తెలుస్తుంది.

వైండింగ్_వాసు
అడ్డంగా 11.6, నిలువుగా 2.9 అని చూడగానే రెజొనెన్స్ అని చెప్పేయొచ్చుగా మరి, ఇంత ఎందుకు

మీటర్_మావయ్య
అనుమానించొచ్చు, చెప్పేయలేం. ఇనుప స్టాండ్ పక్కలకి మెత్తగా, నిలువుకి గట్టిగా ఉంటుంది, అడ్డంగా ఎక్కువ రావడం మామూలే. బోల్ట్ వదులైనా ఒక దిక్కే ఎక్కువ రావొచ్చు. పానాతో బోల్టులు కూడా చూడమని రాయి అమ్మాయ్, స్పిరిట్ లెవెల్ కంటే అది ఉపయోగం.

నాగావళి_ఒడ్డు
మూడు రోజులయింది, అప్‌డేట్. వీడియో తీశారు. 1480 దగ్గర 4 చిల్లర, దిగుతూ దిగుతూ 1250 దాటాక 9 పైకి లేచింది, 1000కి వచ్చేసరికి 2 కిందకి పడిపోయింది. స్టాండ్ బోల్ట్ ఒకటి వదులుగా ఉందట, బిగించారు. రెక్కలు గీకితే ఒక బకెట్టు బూడిద. తర్వాత 1230లో చూస్తే 6.2.

గుణుపురం_గోపి
11.6 నుంచి 6.2 అంటే గెలిచినట్టే

మీటర్_మావయ్య
గెలవలేదు గోపీ, అలార్మ్ 4.5 కదా. బూడిద మళ్ళీ పడుతుంది, మళ్ళీ పెరుగుతుంది. కుదుపు తగ్గింది గానీ లయ అక్కడే ఉంది. డ్రైవ్‌లో స్కిప్ ఫ్రీక్వెన్సీ అని సెట్టింగ్ ఉంటుంది, 38 నుంచి 45 హెర్ట్జ్ మధ్య నిలబడకుండా దాటేసేలా పెట్టమను. రాణి తాత అడుగు మార్చినట్టు. బోల్ట్ బిగించారు కాబట్టి సొంత ఊపు కొంచెం పైకి జరిగి ఉండొచ్చు, ఆ వీడియో మళ్ళీ తీసి చూసుకుని ఆ హద్దులు సరిచేసుకోవాలి.

నాగావళి_ఒడ్డు
కొత్త కాగితం ఇలా రాశాను, చూడండి:

"ఫ్యాన్ డ్రైవ్ ఎండ్ బేరింగ్, అడ్డంగా. 1230 ఆర్‌పీఎంలో వైబ్రేషన్ రీడింగ్ 11.6 మి.మీ/సె వచ్చింది. ఇది ఎక్కువ. 4.5 దాటితే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. 7.1 దాటితే ఫ్యాన్ ఆపాలి. రెక్కల మీద బరువు ఒక పక్క ఎక్కువై ఫ్యాన్ బ్యాలెన్స్ తప్పింది (ఫ్యాన్ ఒరగలేదు, లెవెల్ చూడనక్కర్లేదు). 1230 దగ్గర ఫ్యాన్ తిరిగే లయ, స్టాండ్ తనంతట తాను ఊగే లయ ఒకటవుతున్నాయి, అందుకే చిన్న తేడా కూడా పెద్దగా ఊగిస్తోంది. దీన్ని రెజొనెన్స్ అంటారు. ఇది చప్పుడు కాదు, గ్రీజుతో తగ్గదు. డ్రైవ్‌ని 38 హెర్ట్జ్‌కీ 45 హెర్ట్జ్‌కీ మధ్య నిలపకూడదు."

జైపూర్_రాణి
"గ్రీజుతో తగ్గదు" 👏👏

పర్లాకిమిడి_పంతులు
బాగుందమ్మా, ఒప్పుకుంటున్నాను. అయినా రెజొనెన్స్ అని ఇంగ్లీషు మాట వదిలేశావు, అనునాదం అని పక్కన ఒక్కసారైనా పెట్టి ఉంటే రేపు వాళ్ళ పిల్లలు పుస్తకంలో చూసినప్పుడు గుర్తుపడతారు.

మీటర్_మావయ్య
పెడితే గ్రీజు గన్ మళ్ళీ బయటికొస్తుంది మాస్టారూ

బాయిలర్_బాబ్జీ
ఇవన్నీ సరే, 38 నుంచి 45కి డ్రైవ్ ఎగిరిందంటే కొలిమిలో డ్రాఫ్ట్ ఒక్కసారి మారిపోతుంది, ఊక మంట లోపలికి లాగేస్తుంది, తిరిగి 38కి పడితే పొగ ముందుకి తన్నుతుంది. లోడ్ సరిగ్గా ఆ మధ్యలోనే కావాల్సినప్పుడు నేనేం చెయ్యాలి?

మీటర్_మావయ్య
45 దగ్గర ఉంచి డ్యాంపర్ కొంచెం మూసుకోవాలి, పాత పద్ధతిలో.

బాయిలర్_బాబ్జీ
అంటే కరెంట్ ఆదా కోసం పెట్టిన డ్రైవ్ కొని మళ్ళీ డ్యాంపరే

మీటర్_మావయ్య
స్టాండ్‌కి అడ్డంగా బ్రేసింగ్ వెల్డ్ చేసి గట్టి చేస్తే సొంత ఊపు పైకి పోతుంది. కానీ ఎంత పైకి పోతుందో చూడాలి, 1480 అంటే 24.7 హెర్ట్జ్, సరిగ్గా అక్కడికి పోయి కూర్చుందనుకో, ఇన్నాళ్ళూ బాగున్న ఫుల్ స్పీడ్ కూడా పాడవుతుంది. కొలవకుండా వెల్డింగ్ మొదలుపెట్టొద్దని చెప్పు అమ్మాయ్.

నాగావళి_ఒడ్డు
చెప్పాను. ఓనరు ఆల్రెడీ యాంగిల్ ఐరన్ తెప్పించేశాడట 😐